అన్నీ ఏడే

హిందూపురంలో ఎరువుల దుకాణం పైన నాకొక గది ఉంది. బోర్డు మీద 'కొరియన్ భాషా శిక్షణ' అని రాయించాను గానీ, ఉన్నవి పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, కింద నుంచి వచ్చే యూరియా వాసన. బెంగళూరులో నాలుగేళ్లు దుబాసీ పని చేసి, ఆ ఊరి ట్రాఫిక్‌తో విసిగిపోయి ఇక్కడికి వచ్చి పడ్డాను. పెనుకొండ దగ్గర కొరియా వాళ్ల కంపెనీలు వచ్చాక ఈ చుట్టుపక్కల నా విద్యకు కాస్త గిరాకీ పెరిగింది. నా దగ్గరకు వచ్చేవాళ్లంతా పాలిటెక్నిక్ పిల్లలు. నేను నోరు తెరవకముందే రాసుకోవడం మొదలుపెడతారు. అలాంటి చోటికి ఈరన్న వచ్చాడు.

నలభై నాలుగేళ్ల మనిషి. లోపలికి రమ్మన్నా రాడు, గుమ్మంలో నిలబడి కారు తాళాలు వేలికి తిప్పుతున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు గానీ, ఆ కాలు ఒక్క నిమిషం ఊరుకోదు. కుర్చీ, కుర్చీతో పాటు నా బల్ల, బల్ల మీద నా టీ గ్లాసు అన్నీ ఊగుతున్నాయి.

"మేడమ్, నాకు భాషంతా అక్కర్ల్యా. అంకెలు, గంటలు, తారీకులు. అంతే. నెలాఖరు లోపల రావాల. వస్తాయా, రావా?" అన్నాడు.

"కాలు ఆపితే వస్తాయి" అన్నాను. నాకు ఓపిక తక్కువని ఊరందరికీ తెలుసు.

ఆయన ఆపలేదు. కథ మాత్రం చెప్పాడు.

పెనుకొండలో చంద్రశేఖర్ అనే ఆయనకు ఒక గెస్ట్‌హౌస్ ఉంది. అందులో కొరియా ఇంజనీర్లు ఉంటారు. వాళ్లను ఫ్యాక్టరీకి, బెంగళూరు ఎయిర్‌పోర్టుకు, ధర్మవరం రైల్వే స్టేషన్‌కు తిప్పడానికి మూడు కార్లు, ముగ్గురు డ్రైవర్లు. ఈరన్న వాళ్లలో ఒకడు. మొదట్లో ఎవరికి ఏ కారు ఎన్నింటికి కావాలో ఒక దుబాసీ అమ్మాయి అడిగి చెప్పేది. ఆ అమ్మాయి ప్రసవానికి పుట్టింటికి వెళ్లింది. అప్పటి నుంచి ఛో సార్ అనే పెద్ద మేనేజరు నేరుగా డ్రైవర్లకే ఫోన్ చేస్తున్నాడు. ఆయన ఇంగ్లీషు మన ఈరన్న ఇంగ్లీషు కంటే ఒక పిసరు ఎక్కువ, అంతే.

"వాట్సాప్‌లో గంట కొట్టి పంపమనొచ్చు గదా" అన్నాను.

"ఆయప్పకు టైపు చేసేదంటే యాష్ట. అయినా అంకె కొట్టి పంపితే కారు యెవుడైనా నడుపుతాడు మేడమ్. ఆయప్ప మాట నాకు తెలుస్తాది అనే గదా నన్ను పెట్టుకున్యారు."

తెలుస్తుందని ఎలా అనుకున్నారో విన్నాక నవ్వు ఆపుకోలేకపోయాను. ఛో సార్ ఎనిమిదింటికి రమ్మంటే ఈరన్న ఏడింటికే వెళ్లి నిలబడేవాడు. పదింటికి రమ్మన్నా ఏడింటికే వెళ్లేవాడు. గేటు దగ్గర కారు తుడుచుకుంటూ కనిపించే ఈ మనిషిని చూసి ఛో సార్ ముచ్చటపడిపోయాడు. వేళ కాకముందే హాజరయ్యే డ్రైవరు! అందరి ముందూ భుజం తట్టాడు. చంద్రశేఖర్ జీతం పెంచాడు కూడా. ఈరన్నకేమో కొరియా వాళ్లంతా ఏడింటికి రమ్మని తీరిగ్గా పదింటికి బయల్దేరే జాతి అని గట్టి నమ్మకం. మన వాళ్లే నయం అనుకునేవాడట.

అలా గడిచిపోతుండగా ఒకరోజు సాయంత్రం ఛో సార్ ఫోన్ చేసి, "నెయిల్, ఇల్గోప్ షి" అన్నాడు. నెయిల్ అంటే రేపు. షి అంటే గంట. ఇల్గోప్ అంటే ఏడు. అసలైన ఏడు. ఈరన్నకు మాత్రం అందులో ముందున్న 'ఇల్' ఒక్కటే చెవిన పడింది. ఇల్ అంటే ఒకటి అని ఆయన ఫోన్ నంబర్లు విని నేర్చుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. పొద్దున ఏడు నుంచి ఛో సార్ పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఫోన్ చేస్తే, ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉంది, ఈరన్న కారు కడిగించడానికి సర్వీసింగ్ షెడ్డుకు పోయి ఉన్నాడు. వేరే కారు దొరికేసరికి ఆలస్యమైంది, విమానం వెళ్లిపోయింది. మరునాటి దానికి సీటు లేదు. ఛో సార్ తమ్ముడి పెళ్లి ఛో సార్ లేకుండానే జరిగిపోయింది.

"తిట్టినాడా?"

"తిట్టింటే బాగుండు మేడమ్. ఫర్వాలేదన్యాడు. ఆ పొద్దు నుంచీ నాకు ఫోనే చేస్తాలేదు."

నెలాఖరుకు ముగ్గురు డ్రైవర్లను ఇద్దరు చేస్తానని చంద్రశేఖర్ చెప్పేశాడు. ఛో సార్ ఒక్కొక్కరికీ ఒకసారి ఫోన్ చేసి కారు చెప్తాడు. సరిగ్గా విని, తిరిగి ఒప్పజెప్పినవాళ్లు ఉంటారు. అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

పోతే పోయింది, డ్రైవరుకు పని దొరకదా అని నేను అన్నాను. అప్పుడు ఆ కాలు ఆగింది.

ఈరన్నది మడకశిర అవతల, కర్ణాటక గట్టు మీద ఉన్న పల్లె. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. అవి నచ్చక ధర్మవరం వచ్చి మగ్గం మీద కూర్చున్నాడు. కూర్చోవడమే చేతకాని మనిషి మగ్గం మీద ఎన్నాళ్లు కూర్చుంటాడు! టమాటా లారీలో క్లీనరు, కల్యాణమండపంలో వంటవాళ్లకు సహాయం, బోరు బండి మీద కూలి. ధర్మవరంలో మగ్గమాయన కూతురు గంగాదేవిని చేసుకోవడం ఒక్కటే ఆయన మొదలుపెట్టి వదలని పని. ఇప్పుడు ఇంట్లో అంతా తెలుగే. పల్లెలో తల్లి మునియమ్మ ఒక్కతే ఉంది, డెబ్బై దాటినా ఇంకా గొర్రెల వెనక తిరుగుతోంది. కిందటేడు గుట్ట మీద జారి పడింది. వచ్చి మా దగ్గర ఉండమ్మా అని కొడుకు పిలిచిన ప్రతిసారీ ఆమెది ఒకటే మాట. నువ్వు ఒక పనిలో ఏడాది నిలబడు, గొర్రెలమ్మి వస్తాను. లేకపోతే నువ్వు రేపు ఏ ఊళ్లో ఉంటావో, నేను ఎవరి గుమ్మంలో ఉండాలి?

ఏడాది నిండటానికి ఇంకొక్క నెల ఉంది. పని పోతే తల్లి రాదు. "ఈ తూరి పడితే లేయదు మేడమ్" అన్నాడు. ఆ మాటతో నేను ఫీజు సంగతి అడగడం మర్చిపోయాను.

మొదట ఆయన చెవిలో ఏముందో చూడాలనుకున్నాను. కొరియన్‌లో అంకెలు రెండు వరసలు. హానా, తూల్, సేత్, నేత్ అని సొంత వరస ఒకటి. ఇల్, ఈ, సామ్, సా అని చైనా నుంచి వచ్చింది ఇంకొకటి. గొర్రెలను, మనుషులను, గ్లాసులను లెక్కపెట్టడం సొంత వరసలో. ఫోన్ నంబరు, తారీకు చైనా వరసలో. ఇంతవరకూ ఎవడైనా సర్దుకుంటాడు. గడియారం దగ్గరే తిరకాసు. గంటలు సొంత వరస, నిమిషాలు చైనా వరస. మూడు గంటల పది నిమిషాలకు 'సే షి షిప్ పున్' అనాలి. మూడు ఒక ఇంట్లోది, పది ఇంకో ఇంట్లోది. పైగా షి ముందు హానా హాన్ అవుతుంది, తూల్ తూ అవుతుంది, సేత్, నేత్‌లు తోకలు కోసుకుని సే, నే అవుతాయి.

సొంత వరస ఒక్కొక్కటే పలికి, ఎంతో చెప్పమన్నాను.

"యొదొల్."

"ఏడు" అన్నాడు ఠక్కున.

"ఎనిమిది. యొల్."

"ఏడు."

"అన్నా, అది పది."

"పది యెట్లయితాది? యేళ్ అంటాండారు గదా మీరు."

నాకప్పుడు వెలిగింది. తెలుగులో మనం ఏడును 'యేడు' అంటాం. యొదొల్ అనగానే ఆయన చెవి అందులో యేడును పట్టేసుకుంది. కన్నడంలో ఏడును ఏళు అంటారు, పల్లెల్లో అది 'యేళ్' అయిపోతుంది. యొల్ అనగానే ఆ చెవి యేళ్‌ను పట్టుకుంది. ఒక చెవిలో తెలుగు ఏడు, ఒక చెవిలో కన్నడం ఏడు, రెంటికీ మధ్య కొరియా వాళ్ల అసలు ఏడు పాపం చోటు లేక బయట నిలబడింది. గుంటూరు మనిషికీ బెంగళూరు మనిషికీ ఇంత అన్యాయం జరగదు. రెండు భాషల గట్టు మీద పుట్టిన మా వాళ్లకే ఈ అదృష్టం. నేను పగలబడి నవ్వాను. పిల్లలూ నవ్వారు. ఈరన్న తాళాలు తీసుకుని లేచిపోయాడు.

రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. కూర్చోకుండానే, "నేర్పండి" అన్నాడు.

ఇక మొదలుపెట్టాం. ఆయన మొదటి జబ్బు, అంకెలను పాటలా నేర్చుకోవడం. ఆరు ఎంత అంటే హానా, తూల్, సేత్ అని కింది మెట్టు నుంచి ఎక్కుతూ వేళ్లు మడుచుకుంటూ ఆరుకు వచ్చేవాడు. ఈలోగా ఫోన్‌లో అవతలి మనిషి తొమ్మిది మాటలు మాట్లాడేసి ఉంటాడు. అందుకని వరసగా చెప్పడం నిషేధించాను. కార్డులు కలిపి ఒకటి తీస్తాను, బల్ల మీద వేలితో కొడతాను, రెండో దెబ్బ పడేలోగా నోట్లోంచి మాట రావాలి. రాకపోతే ఆ కార్డు మళ్లీ కట్టలోకి పోతుంది, కాసేపటికి మళ్లీ ఆయన నెత్తిన పడుతుంది. తెలిసినవాటికి సెలవు, తెలియనివి మాటిమాటికీ.

రెండోది, నోరు మూసుకుని చేసే పని. పిల్లలకు గంటలు నేర్పే ప్లాస్టిక్ గడియారం చేతికిచ్చాను. నేను 'తాసొత్ షి బాన్' అంటాను. ఆయన ముల్లు ఐదున్నరకు తిప్పాలి. బాన్ అంటే సగం, మన అర లాంటిదే. తెలుగులోకి తిప్పుకోకూడదు, పెదవి కదపకూడదు. వినగానే చెయ్యి పోవాలి. మనం బ్రేకు వేసేటప్పుడు 'ఇది బ్రేకు' అనుకుంటామా?

ఆ పోలిక ఆయనకు నచ్చింది. "క్లచ్చు మాదిరి" అన్నాడు. ఆ రోజు తర్వాత గడియారం పట్టుకోవడంలో తేడా కనిపించింది.

మూడోది అసలు రోగానికి మందు. ఇల్గోప్, యొదొల్, యొల్. ఈ మూడు తప్ప ఇంకేమీ లేవు. నేను వెనక్కి తిరిగి, ఇష్టమొచ్చిన క్రమంలో, ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా, ఒకసారి నోట్లో పల్లీలు పెట్టుకుని పలికేదాన్ని. ఆయన ఏడుకు ఎడమ చెయ్యి, ఎనిమిదికి కుడి చెయ్యి, పదికి రెండూ ఎత్తాలి. కింద ఎరువుల దుకాణానికి వచ్చిన రైతులు మెట్ల మీద నిలబడి, మీసాలున్న మనిషి ఎందుకలా చేతులెత్తుతున్నాడా అని చూసేవాళ్లు. మొదటి వారం యొల్ అంటే ఆ రెండు చేతులూ లేచినట్టే లేచి, ఎడమది మాత్రమే పైకి పోయేది. మునియమ్మ కొడుకు కదా.

"యేళ్‌ను మర్చిపో అన్నా. నీకు యేళ్ అనే మాటే లేదు అనుకో. యొల్ అంటే పది, అంతే, పది" అని అరిచాను ఒకరోజు.

"చెవులు కోసుకోమంటారా?" అని ఆయన గడియారాన్ని విసిరి కొట్టాడు. పెద్ద ముల్లు ఊడి బీరువా కిందికి పోయింది. మళ్లీ తాళాలు, మళ్లీ మెట్ల మీద చప్పుడు. మరునాడు మాత్రం కొత్త గడియారం తెచ్చాడు, పాతదాని కంటే పెద్దది. నాకూ కోపం నిలవదు. ఇద్దరం ఒకరినొకరు క్షమించుకోకుండానే పనిలో పడ్డాం.

క్లాసులో గంట చాలదని బయట కూడా పని పెట్టాను. హిందూపురం నుంచి పెనుకొండ దాకా ఎదురొచ్చే ప్రతి బండి నంబరూ చైనా వరసలో గట్టిగా చదవాలి, బండి దాటిపోయేలోగా. పల్లెకు వెళ్లినప్పుడు గొర్రెలను సొంత వరసలో ఎంచాలి. అది మాత్రం ఆయనకు ఇట్టే వచ్చింది. గొర్రెలు నిలబడవు కాబట్టి నోరు కూడా పరుగెత్తాల్సి వచ్చింది. తల్లి చూసి, కొడుకుకు ఏదైనా పట్టిందేమో అని పక్కింటి చౌడక్కను పిలిచిందట.

ఒక ఆదివారం నేనే ధర్మవరం స్టేషన్‌కు తీసుకెళ్లాను. అంతకంటే మంచి పాఠశాల నాకు కనిపించలేదు. పైన మైకులో ఆ అమ్మాయి అలుపు లేకుండా బండి నంబరు, వచ్చే వేళ, ప్లాట్‌ఫారం నంబరు మూడు భాషల్లో చెప్తూనే ఉంటుంది. తెలుగు ప్రకటన కాగానే హిందీ వచ్చేలోగా ఈరన్న దాన్ని కొరియన్‌లో అప్పజెప్పాలి. నంబరు చైనా వరస, గంట సొంత వరస, నిమిషం మళ్లీ చైనా వరస. మొదటి బండికి నంబరు దగ్గరే ఇరుక్కున్నాడు. రెండోదానికి గంటకూ నిమిషానికీ వరసలు తారుమారయ్యాయి. మధ్యాహ్నానికి, బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్న పట్టుచీరల మూటల ఆయన లేచి వేరే బెంచీకి వెళ్లిపోయాడు గానీ, ఈరన్న నోరు ఆగలేదు. సాయంత్రం అవుతుండగా ఒక బండి ఆలస్యమని ప్రకటించారు. ఆయన కాలు ఊపుకుంటూ, ఎటో చూస్తూ, ఆలోచించకుండానే మొత్తం అప్పజెప్పేశాడు. చెప్పిన సంగతి కూడా తనకు తెలియదు. నేను చెయ్యి పట్టుకుని ఊపేశాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తారీకులు మిగిలాయి. నెలలకు అంకెకు 'వొల్' తగిలిస్తే చాలు. కానీ ఆరో నెల యుక్‌వొల్ కాదు, యువొల్. పదో నెల షిప్‌వొల్ కాదు, షివొల్. ఆ రెండూ నున్నగా అరిగిపోయాయి. తారీకుకు చివర 'ఇల్' వస్తుంది, రోజు అని అర్థం. ఇక్కడ ఇంకో గుంట ఉంది. షిప్ అంటే పది, షిప్-ఇల్ అంటే పదకొండు. కలిపి పలికితే షిబిల్. కానీ తారీకు చెప్పేటప్పుడు షిబిల్ అంటే పదో తారీకు, ఎందుకంటే ఆ ఇల్ ఒకటి కాదు, రోజు. పదకొండో తారీకు కావాలంటే ఇంకో ఇల్ తగలాలి, షిబిరిల్ అనాలి. ఇది చెప్పినప్పుడు ఈరన్న గడియారం బల్ల మీద పెట్టేశాడు.

"ఈ కొరియావోళ్లకు పని ల్యాదా మేడమ్?"

"నీకుంది కదా. చెప్పు."

నెలాఖరు దగ్గరపడింది. ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియదు. అన్నం తింటూ ఫోన్ వంకే చూస్తున్నాడని గంగాదేవి నాకు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలో ఏవేవో నంబర్లు చెప్తున్నాడట. "మా నాయన మగ్గం పోగులు ఎంచినా ఇంత గోల ల్యాదు మేడమ్" అంది. ఈయన తప్పితే నేను తప్పినట్టే.

చివరికి గురువారం సాయంత్రం, ఆయన నా గదిలో ఉండగానే ఫోన్ మోగింది. ఛో సార్. నేను స్పీకరు నొక్కమని సైగ చేశాను. పిల్లలంతా రాసుకోవడం ఆపారు.

ఛో సార్ గొంతు వేగంగా వచ్చింది. "షివొల్ షిబిల్, యొల్ షి బాన్."

అక్టోబరు పది, పదిన్నర. గుంటలన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. నేను ఈరన్న ముఖం వైపు చూశాను. ఆ ముఖంలో లెక్క లేదు, తికమక లేదు. అవునని చెప్పే 'నే'తో మొదలుపెట్టాడు. "నే. షివొల్ షిబిల్, యొల్ షి బాన్" అని, నేను నేర్పని పని ఒకటి చేశాడు. "షిబిరిల్ ఆనీగో, షిబిల్" అన్నాడు. పదకొండు కాదు, పది. అవతల ఛో సార్ నవ్వాడు. కరెక్టు అన్నాడు, వాళ్ల భాషలో. ఇంకా, పదింటికే రా, నీకు ముందే వచ్చే అలవాటు కదా అని కూడా అన్నాడు.

గదిలో ఈలలు, చప్పట్లు. ఈరన్న నా కాళ్లకు దండం పెట్టబోతే తిట్టి లేపాను. మెట్లు దిగుతూనే పల్లెకు, చౌడక్క ఫోన్‌కు ఫోన్ కొట్టాడు. పని నిలబడిందమ్మా అన్నాడు. మునియమ్మ గొర్రెలు ఇచ్చేస్తానంది, సోమవారం హిందూపురం బస్టాండుకు వస్తానంది. ఎన్నింటికమ్మా అంటే చెప్పింది. ఈయన సరేనన్నాడు. నాకు పై నుంచి చెయ్యి ఊపాడు.

సోమవారం సరిగ్గా పదింటికి ఈరన్న హిందూపురం బస్టాండులో ఉన్నాడు. కారులో పసిబిడ్డకు కొన్నట్టు మెత్తటి దిండు కూడా కొనిపెట్టుకున్నాడు. బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతుంటే, చివరి బెంచీ మీద మూట ఒళ్లో పెట్టుకుని తల్లి కనిపించింది. అప్పుడే దిగిందనుకుని నవ్వుతూ వెళ్లాడు. ఆమె నవ్వలేదు.

"పని పోయిందా అప్పా?" అని అడిగింది కన్నడంలో. "పోతే పోనీ. దాక్కోవడమెందుకు?"

ఆమె చెప్పింది ఏళు గంటలకు. ఏడింటికి వచ్చింది. మూడు గంటలు ఆ బెంచీ మీద కూర్చుని, కొడుకు మళ్లీ పని పోగొట్టుకున్నాడని, ముఖం చూపించలేక రాలేదని తీర్మానించుకుంది. తిరుగు బస్సు పదకొండింటికని అడిగి తెలుసుకుంది కూడా. గొర్రెలు అమ్మేసింది. ఏ ఇంటికి తిరిగి పోవాలా అని ఆలోచిస్తూ ఉందట.

"నువ్వు పది అన్లేదామ్మా?" అన్నాడు ఈరన్న.

"యేళ్ అన్నాను. ఒందు, ఎరడు అని నీకు నేర్పిందే నేను గదప్పా. నా యేళ్ నీకు తెలీకుండా పోయిందా?"

మరునాడు నా గదికి వచ్చి ఇదంతా చెప్పాడు. కాలు ఊపలేదు. తాళాలు బల్ల మీద పెట్టేశాడు. "మీరు మర్చిపో అంటే మర్చిపోయినా మేడమ్" అన్నాడు. నిందలా అనలేదు, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. ఎన్నో అంకెలకు మందు తెలిసిన నాకు, ఒకసారి చెవిలోంచి తీసేసిన దాన్ని మళ్లీ ఎలా పెట్టాలో తెలియదు. కార్డులు కలిపి కన్నడం అంకెలు కూడా చెప్పించి చూశాను. తీరిగ్గా చెప్తే యేళ్‌ను ఏడు అనే అంటాడు. పనిలో ఉన్నప్పుడు వెనక నుంచి చెప్తే పదే.

మునియమ్మ ఇప్పుడు పెనుకొండలో కొడుకు దగ్గరే ఉంది. మొన్న ఛో సార్ వాళ్ల పండక్కి గెస్ట్‌హౌస్‌లో అందరికీ భోజనాలు పెడితే నేనూ వెళ్లాను. ఈరన్న కారు తుడుస్తున్నాడు. భోజనానికి వచ్చిన మునియమ్మ వరండాలోంచి ఏదో అడిగింది, గుడికి తీసుకెళ్లమని, ఎన్నింటికో చెప్పింది. ఆయన తల తిప్పి, "యేడా అమ్మా, పదా?" అన్నాడు తెలుగులో.

ఆమె మళ్లీ చెప్పలేదు. గుడికని కట్టుకున్న మూట కింద పెట్టి, ఒక చేతి వేళ్లు ఐదూ, ఇంకో చేతివి రెండూ ఎత్తి, కొడుకు కళ్లకు కనిపించేలా పట్టుకుని నిలబడింది.